ఫిల్టర్ కవర్ తీసిన ఫొటో చూసి ఏది సెడిమెంటో, ఏది కార్బనో, ఏది మెంబ్రేనో, ఏది యూవీయో కనిపెట్టడం

మా చుట్టాల్లో ఎవరింట్లో వాటర్ ఫిల్టర్ మొరాయించినా ముందు ఒక ఫొటో నా వాట్సాప్‌కి వస్తుంది. కవర్ తీసేసి ఉంటుంది, లోపల తెల్ల గొట్టాలు మూడో నాలుగో, వాటి చుట్టూ పాముల్లా సన్న పైపులు, కింద ఒక నల్ల మోటారు. కింద మెసేజ్ మాత్రం ఎప్పుడూ ఒకటే, "ఇందులో ఏది మార్చాలి?" మొన్న మిర్యాలగూడ నుంచి మా పిన్ని పంపింది కూడా అచ్చం అలాంటిదే. ఆ ఫొటోలతోనే మొత్తం చెప్తాను, ఎందుకంటే ఆ మెషీన్లో ఉన్న తప్పు ఫొటోలు వరుసగా చూసుకుంటూ పోతే తప్ప దొరికేది కాదు.

పిన్ని వాళ్ళింట్లో ఆర్వో మెషీన్. అందులో ఉప్పుని ఆపే మెంబ్రేన్ కొత్తది వేసి ఏడు నెలలే అయింది. వేసిన కొత్తలో మంచినీళ్ళ టీడీఎస్, అదే నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క, 70 ఉండేది, ఇప్పుడు 310 చూపిస్తోంది. వచ్చిన మెకానిక్ మళ్ళీ మెంబ్రేన్ మార్చాలన్నాడు. "ఏడు నెలలకే పోతదారా అది? ఇవన్నీ ఒకేలా ఉన్నయ్, ఏది మెంబ్రేనో కూడా నాకు తెల్వదు" అని ఫోన్ చేసింది.

ముందు ఫొటోలు సరిగ్గా తీయించండి

ప్లగ్గు పీకేసి, గోడ దగ్గర ఫిల్టర్‌కి వెళ్ళే నల్లా కట్టేశాకే కవర్ తీయాలి. లోపల పంపు 24 వోల్టుల మీద నడుస్తుంది గానీ అడాప్టర్ వైపు, కొన్నిట్లో యూవీ దీపానికి కరెంటిచ్చే చోక్ వైపు కూడా ఇంటి కరెంటే ఉంటుంది, పక్కనే నీళ్ళు, కాబట్టి ఇందులో రాజీ వద్దు.

ఎదురుగా ఒక్క ఫొటో తీస్తే చాలదు. ఎదురుగా ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి, ఇవి కాకుండా ప్రతి గొట్టానికి రెండు చివర్లూ దగ్గరగా. ఫ్లాష్ వేస్తే తెల్ల ప్లాస్టిక్ మొత్తం మెరిసిపోయి లేబుల్ కనపడదు, అందుకని ఫ్లాష్ ఆపేసి ఇంకొకళ్ళని పక్కనుంచి టార్చ్ పట్టుకోమనాలి. లేబుల్ వెనక్కి తిరిగి ఉంటే గొట్టాన్ని క్లిప్పులోనే మెల్లగా తిప్పమనండి, బయటికి లాగొద్దు, లాగితే ఎల్బో అనే వంపు ముక్క దగ్గర పైపు కదిలి తర్వాత చుక్కచుక్కగా కారుతుంది. పిన్ని మొదట పంపిన ఫొటోలో రెండో గొట్టం లేబుల్ వెనక్కి ఉంది, నేను కూడా అప్పుడు దాన్ని పట్టించుకోలేదు, అసలు కథ అక్కడే ఉందని తర్వాత తెలిసింది.

గొట్టాల దగ్గర మొదలుపెట్టకండి, వేరే మూడు వస్తువులు వెతకండి

అందరూ చేసే తప్పు ఏంటంటే తెల్ల గొట్టాల్ని చూసి మొదటిది సెడిమెంట్, రెండోది కార్బన్, మూడోది ఇంకేదో అని ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టుకుంటూ పోవడం. ఈ సీల్డ్ గొట్టాలు, అదే మెకానిక్‌లు క్యాండిల్ అంటారు కదా, సెడిమెంట్‌దైనా కార్బన్‌దైనా యూఎఫ్‌దైనా ఒకే సైజు, ఒకే తెలుపు, రెండు చివర్లా ఒక్కో కన్నం. బయటి నుంచి చూస్తే కవల పిల్లల్లాగే ఉంటాయి. పైగా మెషీన్లో వాటిని ఎక్కడ జాగా ఉంటే అక్కడ బిగిస్తారు, నీళ్ళు వెళ్ళే వరుసకీ అవి కనిపించే వరుసకీ సంబంధం ఉండాలని ఏం లేదు.

అందుకే పొరపడటానికి వీల్లేని మూడింటిని ముందు పట్టుకోవాలి, పంపు, మెంబ్రేన్ డబ్బా, యూవీ స్టీల్ గొట్టం.

పంపు తేలిక. గుండ్రటి నల్ల మోటారు, ఎరుపు నలుపు రెండు వైర్లు, ముందు ప్లాస్టిక్ తల, ఆ తల మీద నీళ్ళు లోపలికి ఎటు బయటికి ఎటు అని బాణం గుర్తులు ఉంటాయి.

మెంబ్రేన్ డబ్బా కూడా తెల్లగా పొడుగ్గా ఉండేదే గానీ దానికి మూడు కన్నాలు ఉంటాయి, ఇదే దాని ఆనవాలు. మరచెంబు మూతలాగా తిప్పి తీసే మూత ఉన్న వైపు ఒక్క పైపు, రెండో వైపు రెండు పైపులు. ఒక్క పైపు వైపు నుంచి నీళ్ళు లోపలికి పోతాయి, రెండు పైపుల వైపు నడిమధ్యలో ఉన్నదాంట్లోంచి మంచినీళ్ళు, పక్కకి జరిగి ఉన్నదాంట్లోంచి వేస్ట్ నీళ్ళు వస్తాయి. అనుమానం ఉంటే ఆ పక్క పైపుని పట్టుకుని వెళ్ళండి, దార్లో వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఒకటి తగులుతుంది, అది వేస్ట్ నీళ్ళ ధారని తగ్గించే ఫ్లో రిస్ట్రిక్టర్, దాని తర్వాత పైపు నేరుగా సింకులోకి పోతుంది. మూతకి పెద్ద పెద్ద గాడులు ఉండటం, తిప్పడానికి స్పానర్ వాడేలా ఉండటం కూడా ఫొటోలో కనిపిస్తుంది, సీల్డ్ క్యాండిళ్ళకి అలాంటి మూత ఉండదు.

యూవీ అయితే మెరిసే స్టీల్ గొట్టం, ఒక చివర నుంచి వైర్లు బయటికొచ్చి చోక్ అనే చిన్న పెట్టెలోకి పోతాయి. కొన్ని మోడళ్ళలో ప్లాస్టిక్‌ది వస్తుంది, కానీ వైరు మాత్రం తప్పనిసరి. ఇక్కడ చాలామంది యూఎఫ్‌నీ యూవీనీ కలిపేస్తారు. యూఎఫ్‌కి కరెంటు అక్కర్లేదు, వైరు లేకుండా క్యాండిల్ రూపంలో ఉండి లేబుల్ మీద యూఎఫ్ అని ఉంటే అది సన్న దారాల వడపోత, దీపం కాదు. కవర్ మీద యూవీ స్టిక్కర్ అంటించి లోపల వైరున్న గొట్టమే లేకపోతే ఆ మెషీన్లో యూవీ లేనట్టే.

ఇప్పుడు పైపు పట్టుకుని వెళ్ళండి

మూడూ దొరికాక ఫొటోని పెద్దది చేసుకుని నీళ్ళు వచ్చే పైపు మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోవాలి. పైపులు ఒకదాని మీద ఒకటి ఉండి అర్థం కాకపోతే, ఇంట్లో వాళ్ళని రంగు దారం ముక్క కట్టమని ఇంకో ఫొటో అడగండి. పైపు రంగుని మాత్రం నమ్మకండి, రిపేరుకి వచ్చినవాళ్ళు చేతిలో ఏ రంగు ఉంటే అది వేసి పోతారు.

సూత్రం ఏంటంటే మెంబ్రేన్‌కి ముందు వచ్చే క్యాండిళ్ళు దాన్ని కాపాడేవి, అంటే మట్టిని ఆపే సెడిమెంట్, క్లోరిన్‌ని ఆపే కార్బన్. మెంబ్రేన్‌కి తర్వాత వచ్చేవి నీళ్ళకి తుది మెరుగు పెట్టేవి, అంటే పోస్ట్ కార్బన్, యూఎఫ్, మినరల్ క్యాట్రిడ్జ్. మినరల్‌ది చాలావాటికి పారదర్శకంగా ఉండి లోపల రంగు రంగుల గోళీలు కనిపిస్తాయి. కొన్ని మెషీన్లలో యూవీని మెంబ్రేన్‌కి ముందే పెడతారు, అదేం తప్పు కాదు.

పిన్ని ఫొటోలో నాకు వచ్చిన వరుస ఇది. గోడ మీద మట్టి ఆపే బయటి బౌల్, అక్కణ్ణుంచి మొదటి క్యాండిల్, రెండో క్యాండిల్, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వ్, పంపు, మెంబ్రేన్, యూవీ, మూడో క్యాండిల్, ట్యాంకు. మొదటిదాని లేబుల్ సెడిమెంట్. మూడోది మెంబ్రేన్ తర్వాత ఉంది, లేబుల్ పోస్ట్ కార్బన్. మరి రెండోది కార్బన్ అయి తీరాలి కదా, నేనూ అదే అనుకున్నాను. అయినా లేబుల్ కనపడట్లేదు కాబట్టి "పిన్నీ, ఆ రెండోదాన్ని క్లిప్పులోనే ఇటు తిప్పి ఫొటో పెట్టు" అన్నాను. తిప్పితే దాని మీద కూడా సెడిమెంట్ అనే ఉంది. ఏడు నెలల కింద సర్వీసుకి వచ్చినతను మెంబ్రేన్‌తో పాటు ఈ క్యాండిళ్ళు కూడా మార్చి పోయాడు. అంటే పిన్ని మెషీన్లో పంపుకి ముందు కార్బన్ అనేదే లేదు, సెడిమెంట్లే రెండు వరసగా ఉన్నాయి.

లేబుల్ తప్పుగా అంటించి ఉండొచ్చు అని ఇంకో పరీక్ష పెట్టాను. ఆ క్యాండిల్ ఊడదీసి నీళ్ళు వంచేసి చెవి దగ్గర ఊపమని, అది వీడియో తీసి పంపమని చెప్పాను. గుళికల కార్బన్ అయితే లోపల బొగ్గు కదిలి గరగరమని చప్పుడు వస్తుంది. ఇది మాత్రం మూగగా ఉంది. చప్పుడు రానంత మాత్రాన కార్బన్ కాదని తేల్చేయకూడదు లెండి, బొగ్గుని గట్టిగా కుదించి ముద్దలా చేసిన కార్బన్ బ్లాక్ కూడా ఊపితే కదలదు. లేబులూ చప్పుడూ రెండూ ఒకటే చెప్పాయి కాబట్టి నమ్మాను.

విప్పిన గుట్టు: లోపల ఏది ఎలా ఉంటుంది

సీల్డ్ క్యాండిల్‌ని కోస్తే మళ్ళీ వాడలేం, అందుకని మార్చేయబోయేదాన్నే కోయాలి. పిన్ని కొడుకు హ్యాక్‌సా బ్లేడుతో ఆ రెండోదాన్ని అడ్డంగా కోసి ఫొటో పెట్టాడు. లోపల తెల్ల పీచు, పీచుమిఠాయిని గట్టిగా నొక్కి గొట్టంలా చుట్టినట్టు, మధ్యలో కన్నం. అది స్పన్, అంటే పక్కా సెడిమెంట్. కార్బన్ అయ్యుంటే కోయగానే ఆవగింజలంత నల్ల పలుకులు బొలబొలా రాలేవి, చివర్లలో అవి జారకుండా తెల్ల పలచటి స్పాంజి బిళ్ళలు ఉండేవి.

స్పన్ కోసిన ఫొటో ఇంకో విషయం కూడా చెప్తుంది. మురికి ఎప్పుడూ బయటి అంచు నుంచి లోపలికి పోతుంది. అంచు గోధుమ రంగులో ఉండి లోపలి కన్నం చుట్టూ తెల్లగానే ఉంటే ఇంకా పనిచేస్తున్నట్టు. గోధుమ రంగు కన్నం దాకా వచ్చేస్తే దాని పని అయిపోయినట్టే, మట్టి అవతలికి దాటుతోందని అర్థం. పిన్ని వాళ్ళ బయటి బౌల్‌లో స్పన్ ఎర్రగా అయినా కోసి చూస్తే సగం దాకానే దిగింది.

కార్బన్‌తో ఉన్న చిక్కు ఏంటంటే కొత్తది నల్లగానే ఉంటుంది, పూర్తిగా అయిపోయింది కూడా నల్లగానే ఉంటుంది. ఫొటో చూసి కార్బన్ పోయిందని ఎవరైనా అంటే అది వాళ్ళ ఊహే. వాడిన కాలం, క్లోరిన్ పరీక్ష, ఈ రెండే దానికి ఆధారాలు.

మెంబ్రేన్‌ని డబ్బాలోంచి లాగితే చాప చుట్టలాగా ఉంటుంది, పైన టేపు, టేపు మీద 1812-75 లాంటి నంబరు. 1812 అంటే అంగుళాల్లో దాని లావు, పొడవు, 75 అంటే రోజుకి ఎన్ని గ్యాలన్లు తీస్తుందో ఆ లెక్క, లీటర్లలో గంటకి దాదాపు 12. చుట్ట చివర్న చూస్తే సన్న పొరలు వలయాలుగా కనిపిస్తాయి. ఒక చివర మధ్య గొట్టానికి చిన్న రబ్బరు రింగులు రెండు ఉండాలి, రెండో చివర్న చుట్ట మొత్తానికి పట్టేలా నల్ల రబ్బరు అంచు ఒకటి ఉండాలి. ఈ ఫొటో తప్పకుండా అడగండి, ఎందుకంటే ఆ చిన్న రింగు తెగినా, మడతపడినా మెంబ్రేన్ బాగానే ఉండి కూడా ఉప్పునీళ్ళు మంచినీళ్ళలో కలుస్తాయి, పది రూపాయల రింగుకి పోయేదానికి వేల రూపాయలు కట్టాల్సొస్తుంది. చివర్న సున్నం పట్టినట్టు తెల్లగా గరుకుగా ఉంటే అది పొలుసు, అలాంటప్పుడు నీళ్ళ ధార తగ్గుతుంది. పిన్నిది చూస్తే రింగులు బాగున్నాయి, సున్నం లేదు, కొత్తదానిలా తెల్లగా ఉంది.

మెంబ్రేన్ అంత శుభ్రంగా ఉంటే టీడీఎస్ 310 ఎందుకు వస్తోంది అని మీకు అనుమానం రావాలి. క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేస్తే కంటికి ఏమీ కనపడదు, మచ్చ ఉండదు, రంగు మారదు. ఫొటోతో తెలుసుకోలేనిది ఇదే, దీనికి కొలతలు కావాల్సిందే.

ఫొటో ఆగిన చోట నుంచి కొలతలు

ముందు టీడీఎస్ కంట్రోలర్ సంగతి చూడాలి. మంచినీళ్ళ పైపు మీద టీ కనెక్టర్‌తో కలిసిన చిన్న తిప్పుడు వాల్వ్ అది, ముడి నీళ్ళని కొంచెం కలపడానికి పెడతారు. అది బాగా తెరిచి ఉంటే మెంబ్రేన్ కొత్తదైనా టీడీఎస్ ఎక్కువే చూపిస్తుంది. అందుకని మెంబ్రేన్ నుంచి వచ్చే మధ్య పైపుని ఆ టీ కంటే ముందే ఊడదీసి, గ్లాసులో పట్టి కొలవమన్నాను. లోపలికి వచ్చే నీళ్ళు 640, మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చినవి 290. అంటే ఆపుతున్నది సగం కంటే కొంచెం ఎక్కువ, 55 శాతం దగ్గర. బాగున్న మెంబ్రేన్ 90 శాతం పైనే ఆపాలి, ఆ లెక్కన 64 కంటే తక్కువ రావాలి.

తర్వాత ధార. కొత్తలో లీటరు బాటిల్ నిండటానికి ఐదు నిమిషాలు పట్టేదని పిన్నికి బాగా గుర్తు, ఇప్పుడు మూడున్నర నిమిషాల్లో నిండుతోంది. నీళ్ళు తొందరగా వస్తున్నాయని ఆమె సంతోషపడింది కూడా పాపం. సున్నం పడితే ధార తగ్గాలి, ఇక్కడ ధార పెరిగి టీడీఎస్ కూడా పెరిగింది, క్లోరిన్ తిన్న మెంబ్రేన్ అలాగే ప్రవర్తిస్తుంది. వాళ్ళకి వచ్చేది మిషన్ భగీరథ నీళ్ళు, శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపేవి, అది ఉండాల్సిందే కూడా, లేకపోతే పైపుల్లో క్రిములు పెరుగుతాయి. ఇంట్లో ఆ క్లోరిన్‌ని మెంబ్రేన్ దాకా పోకుండా ఆపాల్సింది కార్బన్.

చివరి నిర్ధారణకి క్లోరిన్ టెస్ట్ డ్రాప్స్ తెప్పించాం, పంచాయతీ వాళ్ళు నల్లా నీళ్ళు పరీక్షించే క్లోరోస్కోప్‌లో వాడే లాంటివే. పంపులోకి వెళ్ళే పైపు ఊడదీసి, అక్కడి నీళ్ళు చిన్న గాజు సీసాలో పట్టి, చుక్కలు వేస్తే పసుపు రంగు తేలింది. పంపు దగ్గర పసుపు రంగు రాకూడదు. అక్కడితో నాకు అనుమానం తీరిపోయింది. మెంబ్రేన్ మార్చాలని మెకానిక్ చెప్పింది నిజమే, కానీ అదొక్కటే మార్చి కార్బన్ వేయకపోతే ఇంకో ఏడు నెలలకి మళ్ళీ ఇదే కథ.

మిర్యాలగూడ ఉన్నది నల్గొండ జిల్లా కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. బోరు నీళ్ళు తాగేవాళ్ళకి అక్కడ ఫ్లోరైడ్ భయం ఉంది, తాగునీళ్ళలో అది లీటరుకి 1 మిల్లీగ్రాము లోపే ఉండాలని మన ప్రమాణం, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఫిల్టర్ పెట్టెలో ఫ్లోరైడ్‌ని ఆపగలిగింది మెంబ్రేన్ ఒక్కటే. స్పన్ ఆపదు, మామూలు కార్బన్ ఆపదు, యూవీ అసలే ఆపదు. టీడీఎస్ మీటరు కూడా ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, దానికి విడిగా పరీక్ష చేయించుకోవాలి. ఎవరైనా బోరు నీళ్ళకి యూవీ మెషీన్ ఫొటో పంపితే నేను ముందు అడిగేది ఇదే.

యూవీ ఫొటో విషయంలో జాగ్రత్త

వెలుగుతున్న యూవీ దీపం ఫొటో ఎప్పుడూ అడగొద్దు. అది కంటికి, చర్మానికి ప్రమాదం. కరెంటు తీసేసి, దీపం బయటికి లాగి తీయమనండి. ట్యూబ్‌లైట్‌లా తెల్లటి పూత లేకుండా గాజు ఆరపారా కనిపిస్తుంది, చాలావాటికి ఒక చివరే నాలుగు పిన్నులు ఉంటాయి. దాని పైన ఇంకో గాజు తొడుగు, క్వార్ట్జ్‌ది, ఉంటుంది, నీళ్ళు ఆ తొడుగుకి బయట పారతాయి. తొడుగు మీద మసకగా తెల్ల పొర పట్టి ఉంటే దీపం వెలిగినా కిరణాలు నీళ్ళకి సరిగా చేరవు. దీపం చివర్లు నల్లబడితే పాతదైపోయిందని లెక్క. నీలం వెలుతురు కనిపిస్తోంది కదా అని సంతోషపడొద్దు, క్రిముల్ని చంపే 254 నానోమీటర్ల కిరణం కంటికి కనపడదు, నీలం వెలుగుతూనే అది లోపల బలహీనపడుతుంది. అందుకే దీపం వేసిన తేదీ స్టీల్ గొట్టం మీద రాసిపెట్టుకోవాలి. పగిలితే లోపల పాదరసం ఉంటుంది, చేత్తో ఎత్తొద్దు.

పిన్ని వాళ్ళ తొడుగు శుభ్రంగానే ఉంది, చోక్ వైరు కూడా గట్టిగా బిగించి ఉంది.

మళ్ళీ బిగించేటప్పుడు

కొత్త కార్బన్ క్యాండిల్ ముందు వేయించాం. దాని మీద నీళ్ళు పోయే దిక్కు చూపించే బాణం ఉంటుంది, తిరగేసి బిగిస్తే బొగ్గు నలుసులు ముందుకి కొట్టుకుపోవచ్చు. బిగించాక వెంటనే పంపుకి కలపకుండా ఆ పైపుని బకెట్లో పెట్టి నల్లా తిప్పితే మొదట నల్లటి నీళ్ళొచ్చాయి, తేటగా అయ్యేదాకా వదిలేశాం, లేకపోతే ఆ నలుసులన్నీ కొత్త మెంబ్రేన్ మీదికే పోయేవి. మళ్ళీ డ్రాప్స్ వేసి చూస్తే పంపు దగ్గర రంగు రాలేదు. ఆ తర్వాతే మెంబ్రేన్ వేశారు, మొదటి ట్యాంకు నీళ్ళు పారబోశారు. రెండో ట్యాంకు నుంచి పట్టిన గ్లాసులో టీడీఎస్ 58.

పిన్ని ఇప్పుడు ప్రతి క్యాండిల్ మీదా పేరూ, వేసిన తేదీ మార్కర్‌తో తెలుగులో రాయించింది, లేబుళ్ళన్నీ ముందుకి తిప్పించింది. కవర్ మూసేముందు తీసిన ఆఖరి ఫొటో నాకూ పంపింది, అందులో రెండో గొట్టం మీద పెద్ద అక్షరాలతో "బొగ్గు" అని ఉంది.